అమ్మానాన్నలకు అద్దె కడితే పన్ను తగ్గుతుందా?

జీతాల నుంచి పన్ను ఎలా కోయాలో చెబుతూ కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు యజమానులందరికీ ఒక సర్క్యులర్ ఇస్తుంటుంది. 2024-25 ఆర్థిక సంవత్సరానికి సంబంధించినది 2025 ఫిబ్రవరి 20న వచ్చిన 3/2025 నంబరు సర్క్యులర్. మన ఆఫీసుల్లో అకౌంట్స్ వాళ్లు డిసెంబరు, జనవరి నెలల్లో అద్దె రసీదులు, ఇంటి యజమాని పాన్ నంబరు అడగడం వెనుక ఉన్నది ఇలాంటి సర్క్యులరే. అందులో ఇంటి అద్దె భత్యం, అంటే మనం రోజూ హెచ్‌ఆర్‌ఏ అని పిలుచుకునే దాని గురించి రాసింది చాలా తక్కువ. ఆ కొద్దిపాటి రాతలో ఇంటి యజమాని మీ నాన్నో అమ్మో కాకూడదన్న మాట ఎక్కడా లేదు.

ఉన్న షరతులు రెండే. ఉద్యోగి నివసించే ఇల్లు అతని సొంతం కాకూడదు. ఆ ఇంటికి అతను నిజంగా అద్దె చెల్లించి ఉండాలి. ఆదాయపు పన్ను చట్టం 10(13ఎ) సెక్షన్‌లో ఉన్నదీ ఇదే. కన్నవాళ్లకు అద్దె కట్టే విషయంలో వచ్చే చిక్కులన్నీ ఈ రెండు షరతుల దగ్గరే వస్తాయి.

ముందు లెక్క చూద్దాం. ఊహించిన కుటుంబమే అయినా ఇలాంటివి మనకు తెలిసినవే. శ్రీకాంత్ హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు కంపెనీలో పనిచేస్తాడు. వనస్థలిపురంలో వాళ్ల నాన్న కట్టించిన రెండంతస్తుల ఇల్లుంది. కింద అమ్మానాన్నలు, పైన శ్రీకాంత్, భార్య, పాప ఉంటారు. ఇల్లు పూర్తిగా నాన్న పేరు మీదే ఉంది. శ్రీకాంత్ జీతం ఏడాదికి 18 లక్షలు. అందులో బేసిక్ నెలకు 75,000, హెచ్‌ఆర్‌ఏ నెలకు 30,000, మిగిలింది ఇతర భత్యాలు. పై అంతస్తుకు నాన్నకు నెలకు 30,000 అద్దె ఇస్తాడు.

మినహాయింపు ఎంతో తేల్చడానికి 2ఎ నిబంధన మూడు మొత్తాలు పక్కపక్కన పెట్టమంటుంది. ఆ మూడింటిలో ఏది తక్కువైతే అంతకే పన్ను ఉండదు. మొదటిది, చేతికి వచ్చిన హెచ్‌ఆర్‌ఏ. శ్రీకాంత్‌కు అది ఏడాదికి 3,60,000. రెండోది, కట్టిన అద్దెలోంచి జీతంలో పదో వంతు తీసేయగా మిగిలేది. ఇక్కడ జీతం అంటే బేసిక్, దానితో పాటు ఉద్యోగ నిబంధనల ప్రకారం లెక్కలోకి వచ్చే డీఏ మాత్రమే; ఇతర భత్యాలు ఇందులోకి రావు. ప్రభుత్వ ఉద్యోగులకు డీఏ కలుస్తుంది, శ్రీకాంత్‌కు డీఏ లేదు. అతని బేసిక్ ఏడాదికి 9 లక్షలు, అందులో పదో వంతు 90,000. అద్దె 3,60,000 నుంచి అది తీస్తే 2,70,000. మూడోది, ఇదే జీతంలో నలభై శాతం. అది కూడా 3,60,000 అవుతుంది. మూడింటిలో తక్కువది 2,70,000 కాబట్టి అంతకే మినహాయింపు. మిగిలిన 90,000 హెచ్‌ఆర్‌ఏ మామూలు జీతంలాగే పన్ను లెక్కలోకి వెళ్తుంది.

మూడో మొత్తం దగ్గర మన వాళ్లు తరచూ తడబడతారు. జీతంలో యాభై శాతం లెక్కించుకునే వీలు ముంబై, కోల్‌కతా, ఢిల్లీ, చెన్నై నగరాల్లోని ఇళ్లకే ఉంది. హైదరాబాద్ ఎంత పెద్ద నగరమైనా ఈ నిబంధన కింద దానికి నలభై శాతమే, బెంగళూరుకూ అంతే. విజయవాడ, విశాఖ సంగతి వేరే చెప్పనక్కర్లేదు. ఇంకో మాట, ఇక్కడ చూడాల్సింది ఇల్లు ఎక్కడుందన్నదే, ఆఫీసు ఎక్కడుందన్నది కాదు. చెన్నై కంపెనీకి గుంటూరులో అమ్మానాన్నల ఇంట్లోంచి పనిచేసే అమ్మాయికి నలభై శాతమే వర్తిస్తుంది.

నిజానికి చాలామంది విషయంలో తేల్చేది రెండో మొత్తమే. అద్దె జీతంలో పదో వంతు దాటకపోతే మినహాయింపు సున్నా. 75,000 బేసిక్ ఉన్న శ్రీకాంత్ నాన్నకు నెలకు 7,500 ఇస్తే ఒక్క రూపాయి కూడా మినహాయింపు రాదు. 8,333 ఇచ్చినా ఏడాది మొత్తమ్మీద వచ్చేది 9,996 రూపాయలే. ఈ 8,333 అంకె ఆఫీసుల్లో చాలామందికి నోటికి వచ్చు. ఏడాది అద్దె లక్ష దాటితే ఇంటి యజమాని పాన్ ఇవ్వాలని సర్క్యులర్ చెబుతుంది కాబట్టి, లక్షకు నాలుగు రూపాయలు తక్కువగా రసీదులు రాయించుకునే పద్ధతి ఒకటి ఉంది. పాన్ ఇవ్వక్కర్లేదంటే అడిగేవాళ్లు ఉండరని కాదు. నెలకు 3,000 లోపు హెచ్‌ఆర్‌ఏ తీసుకునేవాళ్లను రసీదు అడగనక్కర్లేదని యజమానికి వెసులుబాటు ఇచ్చిన చోటే, పన్ను అధికారి తర్వాత రుజువు అడగవచ్చని కూడా రాసి ఉంది.

లెక్క ఏడాదికి ఒకేసారి కాకుండా, అద్దె ఇంట్లో ఉన్న కాలానికే వేయాలి. శ్రీకాంత్ ఏప్రిల్ నుంచి జూన్ దాకా పుణెలో కంపెనీ ఇచ్చిన గెస్ట్‌హౌస్‌లో ఉండి, జూలైలో వనస్థలిపురం వచ్చాడనుకోండి. అప్పుడు మూడు మొత్తాలూ తొమ్మిది నెలలకే తీసుకోవాలి. అద్దె 2,70,000, తొమ్మిది నెలల బేసిక్‌లో పదో వంతు 67,500, మిగిలేది 2,02,500. మొదటి మూడు నెలల హెచ్‌ఆర్‌ఏ మొత్తానికీ పన్ను పడుతుంది. నడుమ జీతం పెరిగినా, అద్దె పెరిగినా ఇలాగే ముక్కలుగా విడగొట్టి లెక్కవేసి కూడాలి.

ఇక నాన్న వైపు లెక్క. దీన్ని చాలా ఇళ్లలో మర్చిపోతారు. శ్రీకాంత్ మినహాయింపు కోరిన 30,000 నాన్న రిటర్నులో ఆదాయంగా కనబడాలి. కొడుకు దగ్గర కిరాయి తీసుకోవడమేంటని పెద్దవాళ్లు మొహమాటపడతారు, ఆ ఇబ్బంది అర్థం చేసుకోదగ్గదే. కానీ కాగితం మీద తీసుకున్నట్టు రాసి, పన్ను శాఖకు తీసుకోనట్టు ఉండటం కుదరదు.

భయపడాల్సినంత పన్ను కూడా చాలాసార్లు ఉండదు. నాన్న వయసు 64, పింఛను ఏడాదికి 3 లక్షలు, వేరే ఆదాయం లేదనుకుందాం. అద్దె 3,60,000 వచ్చింది. పై అంతస్తు వాటాకు ఆయన కట్టిన ఆస్తి పన్ను 10,000 తీస్తే 3,50,000. ఇందులోంచి ముప్పై శాతం, అంటే 1,05,000, మరమ్మతులు వగైరా కింద చట్టమే తగ్గిస్తుంది. నిజంగా సున్నం వేయించారా లేదా అని అడగరు, బిల్లులు చూపనక్కర్లేదు. కొత్త పన్ను విధానంలో కూడా అద్దెకిచ్చిన ఇంటికి ఈ తగ్గింపు ఉంది. కాబట్టి ఇంటి ఆదాయం 2,45,000. పింఛనులోంచి స్టాండర్డ్ డిడక్షన్ 75,000 పోగా 2,25,000. రెండూ కలిపితే 4,70,000. 2024-25లో కొత్త విధానం కింద ఏడు లక్షల దాకా రిబేటు ఉంది కాబట్టి ఆయన కట్టాల్సిన పన్ను సున్నా.

పన్ను సున్నా అయినా రిటర్ను వేయాల్సిందే. ఆ ఏడాది కొత్త విధానంలో కనీస పరిమితి 3 లక్షలు, ఆయన ఆదాయం దాన్ని దాటింది. రిబేటు వల్ల పన్ను పోతుందే గానీ రిటర్ను బాధ్యత పోదు. పన్ను రాదు కదా అని ఇక్కడే చాలామంది తండ్రులు ఊరుకుంటారు. శ్రీకాంత్ ఆఫీసు ద్వారా ఆయన పాన్ పన్ను శాఖకు చేరింది, ఆ పాన్ కింద రిటర్ను లేదు. కంప్యూటరుకు దొరికేది సరిగ్గా ఇలాంటి తేడానే. 2020-21కి సంబంధించి ఉద్యోగి చూపిన అద్దెకూ యజమాని చూపిన ఆదాయానికీ పొంతన లేని కొన్ని పెద్ద మొత్తాల కేసులను ఇలాగే గుర్తించి సమాచారం పంపామని బోర్డు 2024 ఏప్రిల్‌లో ఒక ప్రకటనలో చెప్పింది. పాత కేసులన్నీ తిరగదోడే ప్రత్యేక కార్యక్రమమేమీ లేదని కూడా అదే ప్రకటనలో స్పష్టం చేసింది.

అన్నిటికన్నా ముందు వేసుకోవాల్సిన ప్రశ్న ఒకటుంది. హెచ్‌ఆర్‌ఏ మినహాయింపు పాత పన్ను విధానంలోనే దొరుకుతుంది. 2023-24 నుంచి, మనం వేరేగా చెప్పకపోతే కొత్త విధానమే మనకు వర్తిస్తుంది. అంటే నాన్నకు అద్దె కట్టి, రసీదులు తీసుకుని, ఒప్పందం రాసుకున్నా, కొత్త విధానంలో ఉంటే ఆ కాగితాలకు పన్ను లెక్కలో విలువ లేదు. కాబట్టి పోల్చి చూడకుండా అద్దె ఏర్పాటు మొదలుపెట్టడం తొందరపాటే.

శ్రీకాంత్‌కు పోల్చి చూద్దాం. వృత్తి పన్ను చిన్న మొత్తం కనుక వదిలేద్దాం. పాత విధానంలో 18 లక్షల నుంచి హెచ్‌ఆర్‌ఏ మినహాయింపు 2,70,000, స్టాండర్డ్ డిడక్షన్ 50,000, పీఎఫ్, జీవిత బీమా లాంటివాటికి 80సి కింద 1,50,000, తనకూ అమ్మానాన్నలకూ కట్టిన ఆరోగ్య బీమాకు 75,000 తీస్తే మిగిలేది 12,55,000. సెస్‌తో కలిపి పన్ను 1,96,560. కొత్త విధానంలో ఇవేవీ లేకుండా స్టాండర్డ్ డిడక్షన్ 75,000 మాత్రమే తీస్తే 17,25,000. దాని మీద 2024-25 రేట్ల ప్రకారం పన్ను 2,15,800.

మామూలుగా ఆఫీసుల్లో ఇలా అనుకుంటారు: 2,70,000 మినహాయింపు, ముప్పై శాతం శ్లాబు, సెస్ కలిపితే 84,240 మిగిలింది. పాత విధానంలోనే ఉండిపోయే మనిషికైతే అది నిజమే. కానీ ఈ అద్దె లేకపోతే శ్రీకాంత్ పాత విధానంలో ఉండేవాడే కాదు, కొత్తదానికి వెళ్లి 2,15,800 కట్టేవాడు. కాబట్టి నాన్నకు అద్దె కట్టడం వల్ల అతనికి నిజంగా మిగిలింది 19,240 రూపాయలే.

2025-26లో లెక్క తిరగబడింది. కొత్త విధానంలో శ్లాబులు మారాయి. అదే 17,25,000 మీద పన్ను 1,50,800కు దిగింది. పాత విధానంలో మాత్రం మార్పు లేదు, 1,96,560 అలాగే ఉంది. అదే ఇల్లు, అదే అద్దె, అదే నాన్న. కానీ పాత విధానం పట్టుకుని ఉంటే శ్రీకాంత్‌కు 45,760 నష్టం. అతనికి పాత విధానం మళ్లీ గిట్టుబాటు కావాలంటే, ఇప్పుడున్న తగ్గింపులకు తోడు ఇంకో లక్షా నలభై ఏడు వేల దాకా కావాలి. వేరే ఊళ్లో సొంత ఇల్లు కొని దాని రుణంపై పెద్ద మొత్తంలో వడ్డీ కడుతున్నవాళ్ల లాంటివారికే అది సాధ్యం. జీతం 12,75,000 లోపు ఉండి వేరే ఆదాయం లేనివారికి 2025-26లో కొత్త విధానంలో పన్నే లేదు; వాళ్లు పన్ను కోసమే అమ్మానాన్నలతో అద్దె కాగితాలు రాయించుకోవడం వృథా శ్రమ.

పాత విధానమే లాభమని తేలితే, ఆ సంగతి ఏడాది మొదట్లోనే ఆఫీసుకు చెప్పి, ఫారం 12బీబీలో అద్దె, యజమాని పేరు, చిరునామా, పాన్ ఇవ్వాలి. ఆఫీసులో గడువు దాటిపోయినా రిటర్నులో కోరవచ్చు. అయితే రిటర్ను గడువు లోపల వేయాలి. ఆలస్యమైతే పాత విధానం ఎంచుకునే అవకాశమే పోతుంది, దాంతో పాటే హెచ్‌ఆర్‌ఏ మినహాయింపూ పోతుంది. ఇక్కడ చెప్పిన లెక్కలన్నీ 1961 చట్టానివి. 2026 ఏప్రిల్ 1 నుంచి మొదలయ్యే సంవత్సరానికి 2025 ఆదాయపు పన్ను చట్టం వర్తిస్తుంది కాబట్టి, అప్పటి నిబంధనలు చూసుకుని ఈ మూడు మొత్తాలు మళ్లీ వేసుకోవాలి.

ఇప్పుడు రెండో షరతు: అద్దె నిజంగా కట్టడం. ఇంటి ఖర్చుకు అమ్మ చేతిలో పెట్టే డబ్బు అద్దె కాదు. పాల బిల్లు, కరెంటు బిల్లు, నాన్న మందులు మనమే చూసుకుంటున్నాం కదా, దాన్నే అద్దె అనుకుందాం అంటే ఒప్పుకోరు. 2017లో ముంబైలోని ఆదాయపు పన్ను అప్పీలు ట్రిబ్యునల్ ముందుకు తల్లికి అద్దె కట్టానన్న ఒక ఉద్యోగిని కేసు వచ్చింది. డబ్బు నగదుగా ఇచ్చానన్నారు. ఒప్పందం లేదు, అపార్ట్‌మెంట్ సొసైటీకి సమాచారం లేదు, తల్లి రిటర్ను వేయలేదు, కూతురు ఆ ఇంట్లో ఉంటున్నట్టు చూపే ఆధారం దొరకలేదు. మినహాయింపు ఇవ్వలేదు. ఇందులో గమనించాల్సింది, తల్లికి కట్టడం తప్పని ట్రిబ్యునల్ అనలేదు. కట్టినట్టు రుజువు లేదంది. 2013లో అహ్మదాబాద్ ట్రిబ్యునల్ భార్యకు కట్టిన అద్దెకు సైతం మినహాయింపు ఇచ్చింది, ఎందుకంటే ఇల్లు ఆమెది, చెల్లింపులు కనబడ్డాయి.

కాబట్టి ప్రతి నెలా ఒక తేదీన శ్రీకాంత్ ఖాతా నుంచి నాన్న ఖాతాకు 30,000 వెళ్లాలి, వివరంలో అద్దె అని ఉండాలి. పదకొండు నెలల ఒప్పందం స్టాంపు కాగితం మీద రాసుకుని, పై అంతస్తు అని స్పష్టంగా పేర్కొనాలి. ఆధార్, గ్యాస్, బ్యాంకు చిరునామాలు ఆ ఇంటివే అయి ఉంటే మేలు. అద్దె చుట్టుపక్కల ఇళ్లతో పోలిస్తే నమ్మేలా ఉండాలి. పక్కింటి పై అంతస్తు 15,000కు పోతుంటే ఇక్కడ 30,000 ఏమిటని అడుగుతారు. అమ్మానాన్నలతో ఒకే వాటాలో కలిసి ఉండేవాళ్లను చట్టం కాదనదు, కానీ వాళ్లకు ఈ రుజువుల బరువు ఎక్కువ. నెలకు 50,000 దాటితే అద్దెలో రెండు శాతం టీడీఎస్ కోసి కట్టాలి. నాన్నకు కట్టినా ఈ నియమం మారదు.

పనికిరాని పద్ధతులు రెండు చూశాను. ఒకటి, మార్చి ఆఖరు వారంలో ఏడాది అద్దె మొత్తం ఒకేసారి బదిలీ చేయడం. రెండోది, నాన్న ఆ డబ్బును వారంలోపు కొడుకు ఖాతాకే తిప్పి పంపడం. రెండోదాన్ని కుటుంబంలో బహుమతి అని సర్దిచెప్పబోతారు. బహుమతికి పన్ను లేకపోవచ్చు, కానీ తిరిగొచ్చిన డబ్బు ఖర్చయినట్టు కాదు, కాబట్టి అద్దె కట్టినట్టే కాదు. శాఖ దీన్ని ఆదాయాన్ని తప్పుగా చూపడం కింద తీసుకుంటే, తప్పించుకున్న పన్నుకు రెండు రెట్ల దాకా జరిమానా పడుతుంది. శ్రీకాంత్ మినహాయింపు మీద అది 1,68,000 పైచిలుకు, పన్నూ వడ్డీ కాకుండా.

మొదటి షరతు, ఇల్లు మనది కాకపోవడం, పైకి తేలిగ్గా కనబడుతుంది గానీ మన కుటుంబాల్లో ఎక్కువ చిక్కు తెచ్చేది అదే. బ్యాంకు రుణం సులువుగా రావాలని తండ్రి కొన్న ఫ్లాటు దస్తావేజులో కొడుకు పేరు కూడా రాయించిన ఇళ్లు ఎన్నో ఉన్నాయి. అప్పుడు కొడుకు ఆ ఇంటికి సహ యజమాని. తన ఇంటికి తానే అద్దె కట్టానని చెప్పుకోవడం కష్టం. ఇల్లు నాన్న పేరున ఉండగా, పింఛను లేదు కదా పన్ను పడదని అమ్మ పాన్ ఇవ్వడం ఇంకో తప్పు. అద్దె ఎవరి ఆస్తిదో వారికే చెందాలి. ఇల్లు ఇద్దరి పేరునా సమానంగా ఉంటే అద్దె కూడా చెరిసగం ఇద్దరి ఖాతాలకూ వెళ్లి, ఇద్దరి రిటర్నుల్లోనూ కనబడాలి.

నాన్న పోయిన ఇళ్లలో అయితే ఈ సంగతి ఎవరికీ తట్టనే తట్టదు. ఆస్తి పన్ను రసీదు మీద ఇంకా ఆయన పేరే ఉంటుంది, కొడుకు అమ్మకు అద్దె కడుతుంటాడు. నాన్న వీలునామా రాయకుండా పోయి ఉంటే, ఆయన స్వార్జితమైన ఆ ఇంట్లో హిందూ వారసత్వ చట్టం ప్రకారం అమ్మకూ, కొడుకుకూ, కూతురుకూ సమాన వాటాలు వస్తాయి. పేరు మార్పించుకోకపోయినా కొడుకు అప్పటికే మూడో వంతు యజమాని. నాన్న ఇల్లు అమ్మకు వీలునామా రాసి ఉంటేనో, పిల్లలు తమ వాటాలను రిజిస్టర్డ్ దస్తావేజుతో అమ్మకు వదులుకుని ఉంటేనో ఇల్లు పూర్తిగా ఆమెది అవుతుంది. ఆ తర్వాత మునిసిపాలిటీ రికార్డుల్లో పేరు మార్పించి, అద్దె ఒప్పందం ఆమెతో కొత్తగా రాసుకుని, ఆ తేదీ తర్వాతి నెలల అద్దెకే మినహాయింపు కోరాలి.